గ్రూపు లోన్ కిస్తీ గుర్తుచేసే మెసేజ్: ఒక పాత మెసేజ్‌ని మర్యాదగా, తేలికగా తిరగరాసే పద్ధతి

మైక్రోఫైనాన్స్‌లో ఫీల్డ్ ఆఫీసర్‌గా చాలా ఏళ్లు తిరిగాను. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పుతున్నాను. వాళ్ల ఫోన్లలో నాకు ఎక్కువగా కనిపించే మెసేజ్ ఇలా ఉంటుంది:

"డియర్ మెంబర్స్, మీ గ్రూపు ఈ నెల వాయిదా పడినది. మొత్తం రూ.7,950/- రేపు మీటింగ్ నందు తప్పక చెల్లించవలెను. 3వ మెంబర్ పాత ఓడీ రూ.590/- కూడా గ్రూపు క్లియర్ చేయవలెను. లేనియెడల సభ్యులందరిపై చర్యలు తీసుకోబడును. సిబిల్ పాడైతే ఎక్కడా లోన్ రాదు."

రాసిన అబ్బాయి చెడ్డవాడు కాదు. సీనియర్ పంపినదాన్ని కాపీ చేసి అంకెలు మార్చాడు, అంతే. కానీ ఈ ఐదు వాక్యాల్లో కనీసం ఏడు తప్పులున్నాయి. వాటిలో కొన్ని రిజర్వ్ బ్యాంక్ నిబంధనలకే విరుద్ధం. ఈ ఒక్క మెసేజ్‌నే ముందు పెట్టుకుని, దాన్ని ఎలా మార్చాలో మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

ముందు ఆ గ్రూపు సంగతి. ఖమ్మం వైపు ఒక ఊరు. ఐదుగురు ఆడవాళ్లు కలిసి తలా 30,000 రూపాయలు తీసుకున్నారు. 24 నెలల లోను, ఒక్కొక్కరికి నెలకు 1,590 కిస్తీ. ప్రతి నెలా 10వ తేదీన సెంటర్ మీటింగ్, అంటే ఊళ్లోని గ్రూపులు కలిసి కిస్తీలు కట్టే మీటింగ్. ఇది 2026 మార్చి నాటి సంగతి, మిర్చి ఏరే రోజులు. ఐదుగురిలో నలుగురు ఆ కూలికే వెళ్తున్నారు. పొద్దున్నే పోయి నాలుగున్నరకు ఇంటికి చేరతారు. అందుకే మీటింగ్ సాయంత్రం 5 గంటలకు, రామాలయం అరుగు దగ్గర అని వాళ్లే అనుకున్నారు. ఫిబ్రవరిలో ఒకావిడ 1,590కి బదులు 1,000 మాత్రమే కట్టింది.

మొదటి పని: మెసేజ్ కాదు, లెక్క

మెసేజ్ రాయకముందు ఐదుగురి లెక్క విడివిడిగా రాసుకోండి. గ్రూపు మొత్తం 7,950 అనేది ఆఫీసు అంకె. క్యాష్ లెక్కపెట్టుకునేటప్పుడు మీకు పనికొస్తుంది. ఇంట్లో డబ్బు సర్దుకునే మనిషికి కావలసింది తన అంకె ఒక్కటే. పైన చూపిన మెసేజ్ చదివిన ఆవిడ 7,950ని ఐదుతో భాగించాలి. అది ఆమెకు చేతకాక కాదు, ఆ పని ఆమె మీద మనం ఎందుకు పెట్టాలి?

నలుగురిది 1,590. ఫిబ్రవరిలో 1,000 కట్టిన ఆవిడకు పాతది 590 మిగిలింది, ఈ నెల 1,590 కలిపితే 2,180. మీ సంస్థ ఆలస్య రుసుము వేస్తుంటే ఆ 590 మీదే వేయాలి, మొత్తం లోను మీద కాదు. 2022 మార్చిలో ఆర్‌బీఐ తెచ్చిన మైక్రోఫైనాన్స్ నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. రుసుము ఉంటే ఎంతో బ్రాంచిలో అడిగి ఖాయం చేసుకోండి. ఊహించి చెప్పకండి.

తర్వాత మీ ట్యాబ్‌లో ఉన్న అంకె, ఆమె లోన్ కార్డులో ఉన్న అంకె ఒకటేనా అని చూడండి. కార్డు ఆమె దగ్గరే ఉంటుంది కాబట్టి పోయిన మీటింగ్‌లోనే ఫోటో తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. ఆ రెండూ తేడాగా ఉంటే మెసేజ్ పంపకండి, ముందు తేడా తేల్చండి. తప్పు అంకెతో వెళ్లిన మెసేజ్‌ని ఎంత మర్యాదగా రాసినా "వీళ్లు మా డబ్బు తిన్నారు" అనే అనుమానమే మిగులుతుంది. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఇలా మొదలైనవే.

రెండో పని: ఒక మెసేజ్‌ని రెండుగా విడగొట్టడం

పాత మెసేజ్‌లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది "3వ మెంబర్ పాత ఓడీ రూ.590" అన్న మాట. ఓడీ అంటే గడువు దాటిన బాకీ. పేరు రాయలేదు కదా అని ఆ అబ్బాయి అన్నాడు. ఐదుగురున్న గ్రూపులో మూడో మెంబర్ ఎవరో ఐదుగురికీ తెలుసు. ఆ వాట్సాప్ గ్రూపులో సెంటర్ మొత్తం ఉంటే ఊరంతటికీ తెలుస్తుంది.

ఆర్‌బీఐ నిబంధనలు రికవరీలో చేయకూడని పనులు కొన్ని చెప్పాయి. బెదిరించే మాట, తిట్టు వాడకూడదు. అదేపనిగా ఫోన్లు చేయకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువుల్ని, స్నేహితుల్ని, తోటి పనివాళ్లని వేధించకూడదు. అప్పు తీసుకున్నవాళ్ల పేర్లు బయటపెట్టకూడదు. బాకీ ఎంతో, కట్టకపోతే ఏమవుతుందో తప్పుగా చెప్పకూడదు. "3వ మెంబర్" అనే ముక్క పేరు బయటపెట్టడం కిందికే వస్తుంది.

అందుకే రెండు దారులు పెట్టుకోండి. గ్రూపుకు వెళ్లే మెసేజ్‌లో అందరికీ ఒకేలా వర్తించేవి మాత్రమే ఉండాలి: రోజు, సమయం, చోటు, మామూలు కిస్తీ. ఒకరికే సంబంధించినది ఆ ఒకరికే, అదీ వీలైతే నోటితోనే చెప్పాలి.

నోటితో అని ఎందుకంటున్నానంటే, మన రిజిస్టర్‌లో ఉన్న నంబరు చాలాసార్లు ఆమెది కాదు. భర్తదో, కాలేజీకి వెళ్లే కొడుకుదో అయి ఉంటుంది. "మీకు 590 పాతది ఉంది" అని ఆ నంబరుకు రాస్తే, మొదట చదివేది కొడుకు. పోయిన నెల డబ్బు ఎందుకు తగ్గిందో ఆమె ఇంట్లో ఏం చెప్పుకుందో మనకు తెలియదు. కాబట్టి పాత బాకీ అంకె రాతలో పెట్టకండి. ఫోన్ చేయండి, ఎవరు ఎత్తినా "అక్క ఉందా అండీ, మీటింగ్ గురించి మాట్లాడాలి" అని మాత్రమే అనండి. ఆమె లైన్‌లోకి వచ్చాక అంకె చెప్పండి.

మూడో పని: మాటలు మార్చడం

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. తెలుగులో ఈ పనికి వాడే కొన్ని మాటలకు రెండేసి అర్థాలున్నాయి. అలవాటైపోయి మనకు కనిపించవు.

"వాయిదా" తీసుకోండి. కార్డు మీద కిస్తీకి ఇదే మాట ఉంటుంది. కానీ "వాయిదా పడింది" అంటే ఇంకో రోజుకు మారింది అని అర్థం. కోర్టు కేసు వాయిదా పడుతుంది, పెళ్లి వాయిదా పడుతుంది. నేను చేరిన కొత్తలో ఒక సెంటర్‌కు "ఈ నెల వాయిదా పడింది, రండి" అని కబురు పంపాను. వెళ్లేసరికి అరుగు మీద ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్లు మీటింగ్ మారిందని పత్తి తీతకు వెళ్లిపోయారు. తప్పు నాదే. ఆ రోజు నుంచి "వాయిదా" పక్కన "పడింది" రాయను. మా వైపు కిస్తీ అంటారు కాబట్టి "ఈ నెల కిస్తీ" అంటాను. మీ దగ్గర కంతు అంటే కంతు అని, ఈఎంఐ అంటే ఈఎంఐ అని రాయండి. మీటింగ్‌లో వాళ్లు ఏ మాట వాడుతున్నారో విని అదే రాస్తే చాలు.

"మొత్తం" కూడా ఇలాంటిదే. "మొత్తం కట్టాలి" అని చదివిన మనిషికి లోనంతా ఒకేసారి కట్టమంటున్నారేమో అని గుండె ఆగినంత పనవుతుంది. "ఈ నెల కిస్తీ 1,590" అంటే ఆ అనుమానం రాదు.

"రేపు" అనే మాట ఫోన్‌లో పంపే మెసేజ్‌లో అసలు వద్దు. మీరు సాయంత్రం పంపుతారు, డేటా లేని ఫోన్‌కు అది మర్నాడు చేరుతుంది. అప్పుడు ఆమె "రేపు" అంటే 11వ తేదీ అనుకుంటుంది. తేదీ, వారం రెండూ రాయండి: "10వ తేదీ మంగళవారం". వారం ఎందుకంటే, కూలీకి వెళ్లేవాళ్లు రోజుల్ని సంతతో, వారంతో గుర్తుపెట్టుకుంటారు. పైగా ఒకటి తప్పినా రెండోది కాపాడుతుంది.

ఇక మర్యాద. చాలామంది మెసేజ్ కటువుగా ఉందనిపిస్తే ముందు "దయచేసి" తగిలిస్తారు. "దయచేసి తప్పక చెల్లించవలెను" అంటే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంటుంది కానీ మర్యాదగా ఉండదు. తెలుగులో మర్యాద పిలుపులోనూ క్రియ చివర్లోనూ ఉంటుంది. "అక్కా, కార్డు తెచ్చుకోండి" అన్న చిన్న మాటలో ఉన్న గౌరవం పది దయచేసిలు పెట్టినా రాదు. "డియర్ మెంబర్స్" బదులు "అక్కలందరికీ నమస్కారం" అనండి. పెద్ద వయసువాళ్లు ఎక్కువ ఉంటే "అమ్మలకు, అక్కలకు" అనండి. మీటింగ్‌లో మీరు ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. ఎదుట అక్కా అని, మెసేజ్‌లో మెంబర్ అంటే వాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

"చెల్లించవలెను", "లేనియెడల", "నందు", "తీసుకోబడును" లాంటివి నోటీసు భాష. ఎవరూ ఇలా మాట్లాడరు. చదివేవాళ్లకు ఇవి కోర్టు కాగితంలా కనిపించి టెన్షన్ పెడతాయి. "కట్టండి", "తెచ్చుకోండి", "చెప్పండి" సరిపోతాయి. "ఓడీ", "క్లియర్", "డిఫాల్ట్" లాంటివి బ్రాంచిలో మనం మనం మాట్లాడుకునే మాటలు, బయటికి పంపేవి కావు. పాత బాకీకి "మిగిలినది" అనండి. "పోయిన నెలది 590 మిగిలింది" అంటే నిజం నిజంగానే ఉంటుంది, నిష్ఠూరం ఉండదు.

చివరికి బెదిరింపు. "చర్యలు తీసుకోబడును" అంటే ఏ చర్య? రాసినవాడికే తెలియదు. తెలియని భయం పెట్టడమే దాని పని, అది నిబంధనలకు విరుద్ధం కూడా. సిబిల్ మాట వేరు. కిస్తీలు ఆలస్యమైతే ఆ వివరం సిబిల్ లాంటి, అప్పుల లెక్క రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలకు వెళ్తుంది, తర్వాతి లోను మీద దాని ప్రభావం ఉండొచ్చు. ఇది నిజం, ఆమెకు తెలిసి ఉండాలి కూడా. కానీ "ఎక్కడా లోన్ రాదు" అన్నది నిజం కాదు, అలా తేల్చిచెప్పే అధికారం మనకు లేదు. ఇంకా కట్టాల్సిన రోజే రాని నలుగురికి దాన్ని పంపడం అన్యాయం. ఆ సంగతి లోను ఇచ్చేరోజు వివరంగా, తర్వాత ఇబ్బంది వచ్చినప్పుడు ఆ ఒక్కరికి నెమ్మదిగా చెప్పాలి.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సిన విషయం. 2010లో వసూళ్ల ఒత్తిడి మీద పెద్ద గొడవై, అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ రోజులు చూసిన ఆడవాళ్లు ఇంకా మన మీటింగ్‌లలో కూర్చుంటున్నారు. "చర్యలు" అనే మాట వాళ్లకు ఉత్త మాటలా వినిపించదు.

నాలుగో పని: కొత్త మెసేజ్

ఇవన్నీ సరిచేశాక అదే గ్రూపుకు మేం పంపిన మెసేజ్ ఇది:

"అక్కలందరికీ నమస్కారం.
నేను … , … సంస్థ ఫీల్డ్ ఆఫీసర్‌ని.
మన మీటింగ్ 10వ తేదీ మంగళవారం సాయంత్రం 5 గంటలకు, రామాలయం అరుగు దగ్గర.
ఈ నెల కిస్తీ ఒక్కొక్కరికి 1,590 రూపాయలు. లోన్ కార్డు తెచ్చుకోండి. కట్టగానే కార్డులో రాసి సంతకం పెట్టి ఇస్తాను.
ఎవరికైనా ఇబ్బంది ఉంటే సోమవారంలోపు నాకు విడిగా ఫోన్ చేయండి. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపు ఎప్పుడైనా చేయవచ్చు."

రెండో వాక్యాన్ని చాలామంది తీసేస్తుంటారు, "నేనెవరో తెలుసు కదా" అని. తీయకండి. లోన్ యాప్‌ల పేరుతో దొంగ మెసేజ్‌లు రోజూ వస్తున్నాయి, పేరులేని మెసేజ్‌ని నమ్మకూడదని మనమే వాళ్లకు నేర్పాలి. ఫోన్‌పేలో కట్టే అలవాటున్న గ్రూపైతే ఇంకో వాక్యం కలపండి: "ఫోన్‌లో కట్టేవాళ్లు సంస్థ ఇచ్చిన క్యూఆర్ కోడ్‌కే కట్టండి, నా సొంత నంబరుకు గానీ వేరే ఎవరి నంబరుకు గానీ వేయకండి." ఇది వాళ్లకే కాదు, రేపు లెక్క తేడా వస్తే మీకు కూడా రక్ష.

కార్డులో రాసి ఇస్తాను అన్న వాక్యం ఎందుకంటే, గుర్తుచేయడం ఒకవైపు నుంచే ఉండకూడదు. వాళ్లు డబ్బు తేవాలి, మనం ఎంట్రీ ఇవ్వాలి. కట్టిన ప్రతి కిస్తీకి కార్డులో రాత ఇవ్వడం నిబంధన కూడా. కార్డు తెచ్చుకోండి అని రాసినప్పటి నుంచి కార్డులు మర్చిపోయి వచ్చేవాళ్లు తగ్గారు, మీటింగ్ తొందరగా అయిపోతోంది.

ఆఖరి వరుసలో "విడిగా" అన్న మాట ముఖ్యం. అది లేకపోతే ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులోనే "నాకు ఈసారి కుదరదు సార్" అని పెడతారు, పదిమంది చూస్తారు. అలా ఎవరైనా పెడితే అక్కడ జవాబు ఇవ్వకండి. వెంటనే ఆమెకు ఫోన్ చేయండి.

బటన్ ఫోన్‌లకు ఎస్సెమ్మెస్ వెళ్లాలి. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షర సంకేతాలే పడతాయి. గుణింతం గుర్తు, ఒత్తు, సున్నా, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "చెల్లించవలెను" ఒక్కటే 13 తింటుంది, "కట్టండి" 7. అందుకే ఇలా కుదించాం:

"అక్కా, 10న మంగళవారం సా.5కి కిస్తీ రూ.1590. రామాలయం అరుగు దగ్గర."

ఇది 70 లోపే ఉంది, ఒకే ముక్కగా వెళ్తుంది. పొడుగైతే ముక్కలవుతుంది, పాత ఫోన్లలో కొన్నిసార్లు ముందూ వెనకా అయి చేరుతుంది. సంస్థ తరఫున వెళ్లే ఎస్సెమ్మెస్‌ల నమూనా ముందే రిజిస్టర్ చేసి ఉంటుంది. దాన్ని మీరు సొంతంగా మార్చలేరు, మార్పు కావాలంటే బ్రాంచి ద్వారా అడగాలి. అడగండి, ఎందుకంటే ఆ నమూనాలు రాసినవాళ్లలో చాలామంది సెంటర్ మీటింగ్ చూసి ఉండరు.

ఐదో పని: చదవలేనివాళ్లకు గొంతు

ఈ ఐదుగురిలో ఇద్దరికి చదవడం రాదు. వాళ్లకు వాయిస్ మెసేజ్ పెట్టాం. ఇరవై, ఇరవైఐదు సెకన్లు దాటనివ్వకండి. రాసిన మెసేజ్‌ని చదవకండి, చదివినట్టే వినిపిస్తుంది. ఎదుట కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు చెప్పండి:

"అక్కా బాగున్నారా, నేను … సంస్థ నుంచి … ని. మంగళవారం, పదో తారీకు, సాయంత్రం అయిదింటికి మన మీటింగ్, రామాలయం అరుగు దగ్గరే. కిస్తీ పదిహేను వందల తొంభై. పదిహేను వందల తొంభై అక్కా. లోన్ కార్డు మరవకండి. ఏమైనా ఇబ్బంది ఉంటే సోమవారం లోపల నాకు ఫోన్ చేయండి."

అంకె రెండుసార్లు చెప్పాం. "వెయ్యి అయిదు వందల తొంభై" అనకుండా, వాళ్లు లెక్కపెట్టే తీరులోనే "పదిహేను వందల తొంభై" అన్నాం. గాలి, బండి మోత లేని చోట రికార్డు చేయండి. వాయిస్‌ను పక్కవాళ్లు కూడా వింటారు కాబట్టి పాత బాకీ మాట అందులోనూ ఉండకూడదు.

ఆరో పని: డబ్బు చేతికొచ్చే రోజు చూసుకోవడం

గుర్తుచేసే మెసేజ్ మీటింగ్‌కు ఎన్ని రోజుల ముందు వెళ్లాలి అని అడుగుతారు. రోజుల లెక్క కాదు, డబ్బు లెక్క చూడండి. ఈ ఊళ్లో మిర్చి కూలి శనివారం చేతికి ఇస్తున్నారు. 10వ తేదీకి ముందు శనివారం 7. ఆ రోజు సాయంత్రం డబ్బు వస్తుంది, ఆదివారం సరుకులకు, మాంసానికి పోతుంది. సోమవారం గుర్తుచేస్తే అప్పటికే ఖర్చయిన డబ్బును గుర్తుచేసినట్టే. అందుకే మొదటి మెసేజ్ శనివారం మధ్యాహ్నం పంపాం, కూలి చేతిలో పడే సమయానికి ఫోన్‌లో ఉండేలా. ఐదో ఆవిడ కూలికి వెళ్లదు, గేదెలున్నాయి, పాల బిల్లు మీద కడుతుంది. ఆమెకు బిల్లు వచ్చే రోజు ఏదో అడిగి రాసుకున్నాం.

రెండోసారి, చిన్నగా, సోమవారం సాయంత్రం అయిదున్నరకు: "అక్కలూ, రేపు కాదనుకునేరు, మంగళవారం 10వ తేదీ 5 గంటలకే మీటింగ్" అని ఒక కొత్త కుర్రాడు రాశాడు. నేను తీసేయించాను, అక్కడ మళ్లీ "రేపు" దూరి గందరగోళమైంది. "మంగళవారం 10వ తేదీ, సాయంత్రం 5 గంటలకు మీటింగ్. కిస్తీ 1,590, లోన్ కార్డు తెచ్చుకోండి" చాలు. రెండుసార్లకు మించి పంపకండి. మూడోది గుర్తుచేయడం కాదు, వెంటపడటం. 9 నుంచి 6 అన్న నిబంధన ఫోన్ కాల్స్ గురించే అయినా, మెసేజ్‌లకు కూడా నేను అదే పాటిస్తాను. రాత్రి పదింటికి అప్పు గురించి ఫోన్ మోగితే ఆ ఇంట్లో నిద్ర ఉండదు.

ఏడో పని: 590 మిగిలిన ఆవిడతో మాట

ఈ ఫోన్ గురువారం 5న, మధ్యాహ్నం ఒంటిగంటకు, అన్నం తినే వేళ చేశాం. అక్క పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఉన్నారంటే మళ్లీ ఎప్పుడు చేయమంటారు అని అడగాలి. మాట ఇలా సాగింది:

"అక్కా, పోయిన నెల మీరు వెయ్యి కట్టారు, కార్డులో రాశాను. కిస్తీలో ఇంకా అయిదు వందల తొంభై మిగిలింది. ఈ నెల కిస్తీతో కలిపితే రెండు వేల నూట ఎనభై అవుతుంది. ఈసారి మీకు ఎంత వీలవుతుంది?"

"బాబుకు జ్వరమొస్తే హాస్పిటల్‌కు పెట్టాం సార్. అంతా ఒక్కసారి అంటే కష్టం."

"ఇప్పుడెలా ఉన్నాడక్కా?"

"తగ్గింది. పదారు వందలు తెస్తా. మిగిలింది తర్వాతి శనివారం కూలి వచ్చినాక ఇస్తా."

కట్టిన వెయ్యిని ముందు చెప్పడం గమనించండి. అదొక చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఇబ్బందిలో కూడా ఆమె తెచ్చి ఇచ్చిన డబ్బు అది. "ఎప్పుడు కడతారు" అనకుండా "ఎంత వీలవుతుంది" అని అడిగితే అబద్ధం చెప్పాల్సిన అవసరం రాదు. ఆమె చెప్పిన లెక్క ప్రకారం 10న 1,600, మిగిలిన 580 శనివారం 14 తర్వాత. అది రాసుకుని బ్రాంచి మేనేజర్‌కు చెప్పాం. మీరు మాత్రం సొంతంగా "ఏం పర్లేదు, వచ్చే నెల చూద్దాం" అనకండి. గడువు మార్చే అధికారం మీకు లేకపోతే, ఆ మాట ఆమెను మోసం చేసినట్టే అవుతుంది. "బ్రాంచిలో చెప్పి రేపటిలోగా మీకు ఫోన్ చేస్తాను" అని, చెప్పినట్టే చేయండి.

మిగతావాళ్లు "ఆమె కట్టకపోతే మేం కట్టాలా" అని అడిగితే, గ్రూపు ఒప్పందంలో ఏం రాసుందో అదే చదివి చెప్పండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఒకరి డబ్బు వచ్చేదాకా అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టే పద్ధతి ఒకప్పుడు ఉండేది, నేనూ చేశాను. పొయ్యి మీద వంట, బడి నుంచి వచ్చే పిల్లలు అందరికీ ఉంటారు. ఇప్పుడు కట్టినవాళ్లను కట్టిన వెంటనే పంపేస్తాం.

మీటింగ్‌కు రాలేదని ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లడం కూడా సరికాదు. అనుకున్న చోటికి వరుసగా రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువ రాకపోతేనే ఇంటికి గానీ పనిచేసే చోటికి గానీ వెళ్లి అడగవచ్చని నిబంధన.

ఒక సంగతి తెలుసుకోండి. మెసేజ్ ఎంత బాగా రాసినా అది మర్చిపోయినవాళ్లకు, తికమకపడినవాళ్లకు మాత్రమే పనిచేస్తుంది. డబ్బే లేని మనిషికి దానితో డబ్బు రాదు. ఒకే గ్రూపులో ఇద్దరు ముగ్గురు వరుసగా తక్కువ కడుతుంటే మెసేజ్ మార్చడం ఆపి, ఇంకెక్కడెక్కడ లోన్లు ఉన్నాయో, ఇంట్లో ఏమైందో కనుక్కుని బ్రాంచికి తెలియజేయండి.

ఎనిమిదో పని: పంపే ముందూ, తర్వాతా పరీక్ష

కొత్త మెసేజ్ పంపేముందు గ్రూపులో లేని ఒక ఆవిడకు చూపించి, "ఇందులో ఏముందో మీరు నాకు చెప్పండి" అనండి. "అర్థమైందా" అని అడగకండి, ఎవరైనా అర్థమైందనే అంటారు. రోజు, అంకె, చోటు ఆమె నోటి నుంచి సరిగ్గా రావాలి. మా పరీక్షలో ఒకావిడ "సార్, కార్డు అంటే ఆధార్ కార్డా?" అంది. అప్పుడే "కార్డు" అని ఉన్నచోట "లోన్ కార్డు" అని మార్చాం.

పంపాక ఎంతమంది కట్టారు అన్నదొక్కటే చూడకండి, అది కూలి మీద, జ్వరం మీద కూడా ఆధారపడి ఉంటుంది. "ఎంత కట్టాలి సార్", "ఎన్నింటికి సార్" అని ఎన్ని ఫోన్లు వచ్చాయో రాసుకోండి. ఆ ప్రశ్నలు తగ్గితే మెసేజ్ స్పష్టంగా ఉన్నట్టు. ఇబ్బంది ఉన్నవాళ్లు మీటింగ్‌కు ముందే ఫోన్ చేయడం మొదలుపెడితే, మీ మాట మీద నమ్మకం కుదిరినట్టు. ఈ గ్రూపులో మార్చిలో అంకె అడిగిన ఫోన్ ఒక్కటీ రాలేదు. మీటింగ్ నలభై నిమిషాల నుంచి ఇరవై నిమిషాలకు వచ్చింది. 580 శనివారం మర్నాడే చేరింది, కార్డులో రాశాం.

ఆ మెసేజ్‌ని వచ్చే నెలకు దాచుకోండి కానీ అలాగే కాపీ చేయకండి. ఏప్రిల్ 10 శుక్రవారం అవుతుంది, మర్చిపోతే పాత "మంగళవారం" అలాగే వెళ్లిపోతుంది. అప్పటికి మిర్చి పని కూడా చివరికొస్తుంది, శనివారం కూలి ఉండకపోవచ్చు. డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో మార్చి మీటింగ్‌లోనే అడిగి, ఆ తేదీ రిజిస్టర్‌లో వాళ్ల పేరు పక్కనే రాసుకోండి.